ఎందుకని అడగొద్దు

పోయిన మార్కండేయ జయంతి నాడు మా కుల సమాజం క్యాంపులో మా ఆయన సోమలింగం మొదటిసారి రక్తమిచ్చి ఇంటికొచ్చినప్పుడు చూడాలి ఆ నడక. మోచేతి మడతలో పట్టీ, జేబులో సర్టిఫికెట్, ఊరేగింపు దిగిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. "ఇగ ప్రతి క్యాంపుల ఇస్త ఊర్మిళా. మన రక్తంతోని ఎవలో ఒకలు బతుకుతరు గద" అన్నాడు. ఆ సర్టిఫికెట్‌ను గోడకు తగిలించింది నేనే.

అట్లాంటి మనిషి, పంద్రాగస్టు క్యాంపు వస్తుందనగానే రక్తమిచ్చేవాళ్ళలో కాకుండా పనిచేసేవాళ్ళలో పేరు రాయించుకున్నాడు. కుర్చీలు వేస్తానన్నాడు, నీళ్ళు మోస్తానన్నాడు. మరి రక్తమివ్వవా అంటే, పనిచేసేటోళ్ళు గూడ కావాలె గద అని మాట దాటేశాడు. నా అనుమానం అక్కడ మొదలు కాలేదు. అప్పటికే అది బాగా ముదిరి ఉంది.

జయంతి అయిన కొన్నాళ్ళకే అతను నా పక్కన పడుకోవడం మానేశాడు. గదిలో ఉడుకపోస్తున్నదని చాప చంకన పెట్టుకుని డాబా మీదికి పోయాడు. సూరత్ ఎండాకాలం, నిజమే, ఉడుకే అనుకున్నాను. వానలు పడ్డాయి. డాబా మీద నీళ్ళు నిలిచాయి. మనిషి మెట్ల కింద ముడుచుకుని పడుకున్నాడు గాని లోపలికి రాలేదు. గడ్డం గీసుకునే సామాను, గోళ్ళ కత్తెర ఒక డబ్బాలో పెట్టి తాళం వేశాడు. ఇంట్లో ఉండేది నేనూ, పదో తరగతి చదివే మా బిడ్డ లతా. మేమిద్దరం అతని బ్లేడు ఎత్తుకుపోయి ఏం గీసుకుంటామని ఆ తాళం?

ఇంకా ఫోను సంగతి చెప్పలేదు. ఒకనాడు అతను స్నానం చేస్తుంటే మోగింది, ఎత్తాను. ఆడగొంతు. హిందీలో, "సోమలింగం భాయ్ హై?" అన్నది. ఎవరు మాట్లాడేది అంటే చెప్పలేదు. "ఉన్సే హీ బాత్ కర్నీ హై. బాద్ మే కరూంగీ, బరాబర్?" అని, అతనితోనే మాట్లాడాలని చెప్పి పెట్టేసింది. సరేనా అన్నట్టు ఆ 'బరాబర్' అనడంలో ఒక సాగదీత ఉంది, చంటిపిల్లను బుజ్జగించి బువ్వ పెట్టినట్టు. ఎవరని అడిగితే మా ఆయన తల తుడుచుకుంటూ "రాంగ్ నంబర్" అన్నాడు. రాంగ్ నంబరు ఆడది పేరు పెట్టి అడుగుతుందా? మరోసారి మెట్ల మీద నిలబడి, "ఆతా హూ మేడమ్, అగ్లే హఫ్తే పక్కా" అని గొంతు తగ్గించి, వచ్చే వారం తప్పకుండా వస్తానని చెబుతుంటే నా చెవులతో విన్నాను.

అనుమానం పెనుభూతమంటారు. మా ఒక్క గది ఇంట్లో ఆ భూతానికి కూడా చోటు దొరికింది. నేను ఇంట్లోనే కూర్చుని చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తాను. చేతులకు పని గాని బుర్రకు పని లేదు. ఒక్కో చీరకూ ఒక్కో ఆడదాన్ని ఊహించుకునేదాన్ని. ఇప్పుడీ సమాజం పని పేరు చెప్పి తిరుగుతున్నాడంటే అక్కడే ఏదో ఉందనిపించింది. అందుకే మా పక్కింటి నర్సవ్వ, "నేను క్యాంపుల పనికి పేరిచ్చిన, నువ్వు గూడ రారాదు?" అనగానే తలూపాను. నర్సవ్వ నా సేవాబుద్ధికి సంతోషించింది పాపం.

క్యాంపుకు ముందు ఆదివారం మధ్యాహ్నం, పనిచేసేవాళ్ళందరినీ బమ్రోలిలోని సమాజం హాలుకు పిలిచారు. ఎవరేం చేయాలో, వచ్చినవాళ్ళతో ఎట్లా మాట్లాడాలో బ్లడ్ సెంటరు నుంచి ఒకరు వచ్చి చెబుతారట. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ముందర రెండు బల్లలు కలిపి మీద దుప్పటి పరిచారు. అది ఉత్తుత్తి మంచం అన్నమాట. మా ఆయన నన్ను గుమ్మంలో చూసి చేతిలోని కుర్చీ కింద పెట్టేశాడు.

"నువ్వెందుకొచ్చినవ్?"

"పుణ్యం నీ ఒక్కనికేనా?" అని పోయి నర్సవ్వ పక్కన కూర్చున్నాను.

సమాజం పెద్ద పరుశురాం లేచాడు. అతనికి రెండు మరమగ్గాల కార్ఖానాలున్నాయి, గొంతు నాలుగు కార్ఖానాలకు సరిపోతుంది. "పోయినసారి కంటె ఈసారి ఎక్కువ బాటిళ్ళు కావాలె. కడోదరా సమాజం వాళ్ళ ముంగట మన ఇజ్జత్ పోవద్దు" అని, పక్కనున్న ముప్పై ఏళ్ళ అమ్మాయిని చూపించాడు. "ఈమె జమున. బ్లడ్ సెంటర్ల పని జేస్తది. ఈడ పుట్టి పెరిగిన మనోళ్ళ పిల్లే."

"నమస్తే అందరికి" అన్నదామె. "ముంగటికి జరుగుర్రి జర. నేను లంబా భాషణం ఇయ్య, బరాబర్?"

 అదే గొంతు, అదే సాగదీత. తెలుగులో మాట్లాడినా ఆ ఒక్క మాట దాచుకోలేకపోయింది. పచ్చ సల్వారు, మెడలో గుర్తింపు కార్డు, సన్నగా చక్కగానే ఉంది. ఓహో, ఈమెనా అనుకున్నాను. ఎవరో గుజరాతీ మేడమ్ అనుకుంటే సొంత కులం పిల్లే.

ఆమె ముందు వరస నుంచి అందరినీ పలకరించింది. నర్సవ్వను మోకాళ్ళ నొప్పి గురించి అడిగింది, గేటు దగ్గర కూర్చోబోయే సాంబయ్య తాతకు దండం పెట్టింది. "ఈమె ఊర్మిళ, సోమలింగం ఇంటామె" అని పరుశురాం నన్ను చూపిస్తే ఒక్క క్షణం ఆగి, "నమస్తే అక్కా" అన్నది. మా ఆయన నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. దాన్ని తీసుకుంది గాని అతని మొహం వైపు చూడలేదు. అతనూ చూడలేదు. కొత్తవాళ్ళయితే మొహం చూసుకుంటారు. చూడకుండా తప్పించుకునేది తెలిసినవాళ్ళే. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ ఎంత నిమ్మళంగా ఉన్నారో చూడమని నర్సవ్వ మోచేతిని పొడవబోయి ఆగాను.

జమున పని మొదలుపెట్టింది. గేటు దగ్గరివాళ్ళు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టాలి. పేర్లు రాసుకునే బల్ల దగ్గరివాళ్ళు చదువురాని వాళ్ళకు ఫారం చదివి వినిపించవచ్చు గాని జవాబు వాళ్ళ నోటితోనే రావాలి. కుర్చీ కొంచెం దూరంగా వేసుకోవాలి, వెనకవాడికి వినబడకూడదు. తర్వాత బరువు, వేలి మీద చిన్న పోటు పొడిచి రక్తం చాలినంత ఉందో లేదో చూడటం, బీపీ, డాక్టరు మాటలు. ఇవ్వొచ్చా లేదా అనేది డాక్టరే చెప్పాలి. సూది, రక్తం సంచి జోలికి మనం పోకూడదు. ఇచ్చినవాళ్ళను కాసేపు పడుకోబెట్టి, తర్వాత మన ముందే కూర్చోబెట్టి ఏదైనా తాగించి తినిపించి పంపాలి. అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు.

"ఖాళీ కడుపుతోని ఎవలన్న వస్తే ముందుగాల తినిపియ్యుర్రి. రాత్రి తాగినోళ్ళను ఆ దినం వద్దని చెప్పాలె. ఇంకోటి. రాత్రి పాళీ జేసి సాంచాల మీదికెంచి సీదా వచ్చినోళ్ళ తాన తీస్కోం. నిద్ర పోయినంకనే."

పరుశురాం మొహం మాడింది. "అట్లయితె ఎట్లమ్మా? పొద్దుగాల పాళీ దిగంగనే యాభై మందిని ఈడికే తోల్కరమ్మని పనోళ్ళను చూసే ముకద్దముకు చెప్పి పెట్టిన."

"వాళ్ళు చక్కరొచ్చి పడితె మీరు జవాబిస్తరా కాకా?"

"పండుకున్నమని చెప్పుమంటం. అయిపాయె."

"గదే వద్దు" అన్నదామె నవ్వుతూనే. "ఏం చెప్పాలెనో మనం నేర్పొద్దు. ఎవల్నీ బలవంతంగ తేవొద్దు. నీళ్ళడిగితె ఇద్దాం, రక్తం అడుక్కోవద్దు, బరాబర్?"

హాల్లో ఆ సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు పరుశురాంకు గుచ్చుకుంది. కోపాన్ని ఎవరి మీదో ఒకరి మీద దించాలి గదా. గోడకానుకుని నిలబడ్డ మా ఆయన మీద దించాడు.

"బయటోళ్ళ సంగతి ఇడువు. మనోళ్ళే ఇస్తలేరు. ఏమయ్యా సోమలింగం, పోయినసారి ఇచ్చి నలుగురికి చెప్పి మురిసినవు గద. ఈసారి నీళ్ళు మోస్తనంటవేంది? ఎందుకియ్యవు?"

అందరూ అతని వైపు తిరిగారు. అతను చేతిలోని బిందె వైపు చూస్తూ నిలబడ్డాడు.  నేనైతే కుర్చీ అంచుకొచ్చాను. చెప్పు, నేనూ అదే వినాలని వచ్చాను.

"కాకా" అన్నది జమున, అప్పటిదాకా లేని గట్టిదనంతో. "నేను చెప్పవోయిన మొదటి కాయిదా గదే. ఎందుకియ్యవు అని ఎవల్నీ అడుగొద్దు. వచ్చి తిరిగి పోయేటోన్ని అడుగొద్దు, డాక్టర్ వద్దన్నోన్ని అడుగొద్దు. ఈడ పనిచేసేటోన్ని అసలే అడుగొద్దు. ఎవలి ఒంట్ల ఏమున్నదో వాళ్ళకు ఎర్క. బీపీ ఉండొచ్చు, పన్ను పీకించుకుని ఉండొచ్చు, భయం ఉండొచ్చు. థాంక్స్ చెప్పి పంపుడే మన పని."

మా ఆయన ఊపిరి పీల్చుకోవడం ఇంత దూరానికి కనబడింది.  నా మొగుడిని ఎవరో అడిగితే ఈమె ఎందుకు అడ్డం పడాలి? ఈమె అడ్డం పడితే అతనికి ఎందుకంత నిమ్మళం? ఇంకా ఎంతకాలం నోరు మూసుకుని కూర్చోవాలి? లేచి నిలబడ్డాను.

"నాకొక మాట చెప్పు జమునా" అన్నాను. "క్యాంపు అయినంక మీరు ఇచ్చినోళ్ళ ఇండ్లకు ఫోన్లు గూడ చేస్తరా? పెండ్లాం ఎత్తితె పేరు చెప్పకుంట, మొగనితోనే మాట్లాడాలె అని పెట్టేసుడు గూడ మీ కాయిదానేనా?"

 నర్సవ్వ నా కొంగు పట్టి లాగింది. జమున నా వైపు చూసింది. భయపడుతుందనుకున్నాను, తడబడుతుందనుకున్నాను. నాకోసం దిగులుపడినట్టు చూసింది, అంతే. తర్వాత నా మీద నుంచి చూపు తీసి అందరి మీదా సమంగా పరిచింది.

"చేస్తం అక్కా. మంచిగ అడిగినవు, ఇది అందరు తెలుసుకోవాలె. ఫోన్లు చానమందికి చేస్తం. దవాఖానల ఎవలికన్న ఆ గ్రూపు కావాల్సి వస్తె చేస్తం. మల్ల ఎప్పుడిస్తరని చేస్తం. ఇంకొకందుకు గూడ చేస్తం. తీస్కున్న ప్రతి సంచిని లాబ్‌ల పరీక్ష జేస్తం. ఎయిడ్స్, సిఫిలిస్, మలేరియా, రక్తంల ఉండే రెండు తీర్ల కామెర్లు. ఏదన్న అనుమానం వస్తె ఆ సంచి ఎవలికి ఎక్కియ్యం, తీసేస్తం. ఆ మనిషిని పిలిచి మల్ల పరీక్ష జేసి డాక్టర్ తానకి తోలిస్తం. ఆ ముచ్చట ఫోన్ల చెప్పం. సేటుకు చెప్పం, సమాజం పెద్దకు చెప్పం, పెండ్లానికి గూడ చెప్పం. ఆ మనిషే చెప్పుకోవాలె. మేం చెప్పుర్రి చెప్పుర్రి అని బతిమిలాడుతం గంతే. బజార్ల ఎదురైనా ముందుగాల మేం పలకరియ్యం. వాళ్ళు పలకరిస్తెనే పలుకుతం. ఫోన్ వచ్చినోళ్ళందరికి రోగమున్నట్టు కాదు. కాబట్టి ఎవలికి ఫోన్ వచ్చిందో లెక్కబెట్టుకుంట కూసోవద్దు, బరాబర్?"

నేను కూర్చున్నాను.  వాళ్ళిద్దరూ మొహం చూసుకోకపోవడానికి కారణం అదా?

నర్సవ్వ ఏ మర్మమూ లేకుండా అడిగింది. "కామెర్లయితె కండ్లు పచ్చగయితయి గదమ్మా. రక్తంల ఎట్ల దాక్కుంటయి?"

"దాక్కుంటయి అవ్వా. హెపటైటిస్ బి అని ఒకటుంటది. చానమందికి ఏ నొప్పి ఉండది, మంచిగనే పని జేస్కుంటరు. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చి ఉండొచ్చు, నడీడు దాక తెల్వది. క్యాంపుల రక్తమిచ్చినంకనే మొదటిసారి బయటపడ్తది. ఒక్క కంచంల తింటె రాదు, ముట్టుకుంటె రాదు. ఒక్క బ్లేడు ఇద్దరు వాడితె వస్తది. ఆలుమగల నడుమ వస్తది. అందుకే ఇంటామెను, పిల్లల్ని గూడ పరీక్షకు తీస్కరమ్మంటం. వాళ్ళకు లేకపోతె టీకా ఇప్పియ్యొచ్చు, ఇగ భయం లేదు. ఉంటె డాక్టర్ చూస్కుంటడు, మందులున్నయి. ఎంత జల్దీ వస్తె అంత మంచిది."

ఆమె నర్సవ్వకే చెప్పింది. ఒక్క మాట కూడా నా వైపు విసరలేదు. కాని బ్లేడు అన్న దగ్గర డబ్బా తాళం కళ్ళ ముందుకొచ్చింది. ఆలుమగలు అన్న దగ్గర మెట్ల కింది చాప. నా తల తిరిగి అతని వైపు పోయింది. అతను అప్పటికే నన్ను చూస్తున్నాడు. తెలిసిందా అని అడుగుతున్నట్టు ఉన్నాయి ఆ కళ్ళు. ఇన్ని నెలలుగా నేను ఊహించుకున్న ఆడదంటూ ఎవరూ లేరు. సంతోషించాలి కదా? అతనికి ఉందంటే, మరి నాకు? మరి లతకు? పైగా నేనిప్పుడు అందరి ముందూ ఫోను మాట ఎత్తాను. నలుగురు బుర్రలు వాడితే అతని గుట్టు ఈ సాయంత్రానికే బమ్రోలి అంతా తిరిగేది. ఆ పిల్ల నన్ను చీవాట్లు పెట్టకుండా, అతన్ని కప్పిపెట్టి, నా తెలివితక్కువతనాన్ని అందరికీ పనికొచ్చే ప్రశ్నగా మార్చేసింది.

"ఇగ భయపడేటోళ్ళ ముచ్చట" అని జమున చప్పట్లు కొట్టింది. "సూదిని చూసి వణికేటోడు క్యాంపు నాడు తప్పకుంట వస్తడు. మొగోడివి కావా అని ఎక్కిరియ్యొద్దు. ఏం కాదు పండుకో అని భుజాలు పట్టి నొక్కొద్దు. పక్కన కూసోర్రి, పేరడుగుర్రి, తిన్నవా అని అడుగుర్రి. పోతనంటె పోనియ్యుర్రి. మంచం మీదున్నోడు చెమటలు పట్టి, ఆవలించి, మొహం తెల్లగయితె వెంటనే నర్సును పిలువుర్రి. సాపుగ పండుకోబెట్టి కాళ్ళు మీదికి లేపాలె. చుట్టు గుంపు గూడొద్దు, గాలి రానియ్యుర్రి. చేసి చూపిద్దాం. భయపడేటోని లెక్క ఎవలు కూసుంటరు?"

ఎవరూ కదల్లేదు. సాంచాల ముందు పన్నెండు గంటలు నిలబడే మగవాళ్ళు భయపడినట్టు నటించమంటే సిగ్గుపడ్డారు. అప్పుడు బిందె కింద పెట్టిన చప్పుడైంది.

"నేను పండుకుంట" అన్నాడు మా ఆయన.

"మరి ధైర్యం చెప్పేటోళ్ళు?"

"ఊర్మిళనే" అని నర్సవ్వ నా వీపు మీద తట్టింది. "ఇంట్ల రోజు భయపెట్టేది గామెనే గద, ఈడ జర ధైర్యం చెప్పనియ్యుర్రి." అందరూ నవ్వారు. జమున మాత్రం నవ్వలేదు. "నీకు ఇష్టముంటెనే అక్కా" అన్నది. నేను లేచి వెళ్ళాను.

అతను బల్ల మీద కూర్చున్నాడు, నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. ఇన్ని నెలల్లో అతనికి అంత దగ్గరగా కూర్చోవడం అదే. ఏం అడగాలో మరిచిపోయాను.

"పేరడుగు" అన్నారెవరో వెనక నుంచి.

"నీ పేరేంది?"

"సోమలింగం."

"తిన్నవా?"

"తిన్న. నువ్వే పెట్టినవు." మళ్ళీ నవ్వులు.

"భయమైతుందా?"

 "అయితుంది" అన్నాడు. "చాన అయితుంది."

ఎందుకు అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "కానియ్యి. నేను పక్కనే ఉన్న గద" అన్నాను. పాఠం ప్రకారం చెప్పాల్సిన మాటే, కాని నా గొంతు పాఠంలా రాలేదు.  అతని నుదుటి మీద చెమట పుట్టింది. మొహం మీది రంగు దిగిపోతుంటే చూశాను. అది నటన కాదు. భుజం పట్టి పడుకోబెట్టి, కాళ్ళ దగ్గరికి పోయి రెండు మడమలూ ఎత్తి నా భుజానికి ఆనించుకున్నాను.

"శాబాష్ సోమలింగం" అని పరుశురాం చప్పట్లు కొట్టాడు. "సినిమాలల్లకు పోవాల్సినోడివి, సాంచాల మీద పడ్డవు."

జమునకు తెలిసిపోయింది. దగ్గరికొచ్చి అతని నాడి పట్టుకుని చూసి, "నిమ్మళంగనే ఉంది. లేవకు అన్నా, జర సేపు గట్లనే ఉండు" అని మెల్లగా చెప్పింది. తర్వాత గొంతు పెంచింది. "ఇప్పుడే చెప్పిన గద, గుంపు గూడొద్దని. అందరు అవతలికి పోయి చాయ్ తాగుర్రి." అందరినీ తోలుకుని హాలు ఆ చివరికి పోయింది. మా వైపు వీపు పెట్టి నిలబడి గ్లాసులు అందిస్తున్నది.

బల్ల దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"ఆ మేడమ్ నిన్ను తీస్కరమ్మన్నది" అన్నాడు అతను, పైకప్పు వైపు చూస్తూ. "నిన్ను, లతను. ఎప్పుడో చెప్పింది. రేపు మాపు అనుకుంట వచ్చిన."

తెలిసిన మాటే అయినా అతని నోట వింటే వేరుగా ఉంది. ఆ వెంటనే కోపం వచ్చింది, నా కోపం నాకు తోడు కదా. "వానలల్ల మెట్ల కింద పండితివి. డబ్బకు తాళమేస్తివి. నోరు తెరిచి ఒక్క మాట చెప్పకపోతివి. నేను ఇడిచిపెట్టి పోతననుకున్నవా?"

"గది కాదు."

"మరేంది?"

"నీకు గూడ ఉన్నదని తేలితె?" అతని కళ్ళ మూలల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "నాది నాకు తెల్వకుంట వచ్చింది. పోనీ. నీకు నేనే అంటిచ్చిన్నని తేలితె నీ మొకం ఎట్ల చూడాలె? పిల్ల మొకం ఎట్ల చూడాలె? పరీక్ష చెయ్యకపోతె లేనట్టే గద అనుకున్న. రోజు పొద్దుగాల నిన్ను దూరంకెంచి చూసి, మంచిగనే ఉన్నది, మంచిగనే ఉన్నది అనుకుంట పనికి పోయిన."

నేను ఏ ఆడదాని కోసమో దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ అక్కరకు రాలేదు. ఇతన్ని నాలుగు దెబ్బలు కొట్టాలనిపించింది. నా ఆయుష్షు మీద నాకు మొదటిసారి భయమేసింది. మెట్ల కింద ముడుచుకున్న ఆ మనిషి రోజూ ఎంత ఏడ్చాడో అని గుండె తరుక్కుపోయింది. అన్నీ ఒకేసారి.

"నేనేమనుకున్ననో ఎర్కనా? ఇంకోదాన్ని చూస్కున్నవు అనుకున్న. ఆ జమునే అనుకున్న."

అతను తల తిప్పి నా వైపు చూశాడు. "నాకా?" అన్నాడు నిజంగా ఆశ్చర్యపోయి. "నాకెవలొస్తరే?"

ఎప్పుడైనా అయితే నవ్వేదాన్ని. "రేపు నీ పాళీ మానెయ్యి" అన్నాను. "ముగ్గురం పోదాం. ఉంటె ఉన్నది, లేకపోతె లేదు. నువ్వు దాస్తె అది మారది. లేకపోతె టీకా ఏస్తరని చెవులార విన్న గద, ఇన్ని నెలలు ఆ టీకా గూడ లేకుంట కూసోబెడితివి మమ్ముల. దానికి నిన్ను ఇడిచిపెట్ట, ఇంటికి పోయినంక ఉంటది నీకు. ఉన్నదని తేలిందనుకో, తిట్టుడు నేను తిడత, ఏడుసుడు ఇద్దరం ఏడుద్దాం. ఒక్కనివి మెట్ల కింద ఏడువకు."

అతను మోచేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. అవతల పరుశురాం రాత్రి పాళీ వాళ్ళను క్యాంపుకు సాయంత్రం నిద్ర లేచాక పిలిస్తే ఎట్లుంటదని జమునతో బేరమాడుతున్నాడు. ఆమె గ్లాసు పట్టుకుని మా వైపు వచ్చింది. కొంచెం దూరంలోనే ఆగి, అడగకుండా నిలబడింది.

నేనే పలికాను. "రేపు పొద్దుగాల వస్తం చెల్లె. ముగ్గురం."

"రా అక్కా" అన్నది. "నేనుంట." ఇంకేమీ అనలేదు. గ్లాసు బల్ల చివర పెట్టి వెళ్ళిపోయింది.

"ఇగ కాళ్ళు దించు, అందరు చూస్తున్నరు" అన్నాడు మా ఆయన మోచేతి కింద నుంచి. చూస్తే చూడనీ. రేపటి పరీక్షలో ఏముందో నాకు తెలియదు. ఆ పాదాలు చల్లగా ఉన్నాయి. అవి వెచ్చబడేదాకా నేను దించలేదు.